పీవీ గ్రాఫ్‌లో వాలు గీత ఉన్న సైకిల్: దక్షత 2/7 నా, 4/15 నా?

నీలాంబరి

ఒక మోడల్ పేపర్‌లోని లెక్క ఇది. ఏకపరమాణుక ఆదర్శ వాయువు మూడు దశల సైకిల్‌లో నడుస్తుంది. A దగ్గర పీడనం P0, ఘనపరిమాణం V0. A నుంచి B కి ఘనపరిమాణం మారకుండా పీడనం 3P0 అవుతుంది. B నుంచి C కి పీవీ గ్రాఫ్‌లో సరళరేఖ, C దగ్గర పీడనం P0, ఘనపరిమాణం 3V0. C నుంచి A కి పీడనం మారకుండా వెనక్కి వస్తుంది. P0 = 1×10^5 Pa, V0 = 1 లీటరు, A దగ్గర ఉష్ణోగ్రత 300 K.

(అ) దక్షత ఎంత? (ఆ) ఇవే ఉష్ణోగ్రతా హద్దుల మధ్య నడిచే కార్నో యంత్రంతో పోల్చండి. (ఇ) సైకిల్‌ను వెనక్కి తిప్పి రిఫ్రిజిరేటర్‌గా వాడితే పనితీరు గుణకం ఎంత?

నేను చేసింది: P0V0 = 100 J. త్రిభుజం వైశాల్యం 200 J, అదే నికర పని. A→B లో ఉష్ణం 1.5 × (300 − 100) = 300 J. B, C రెండింటి దగ్గరా PV విలువ 300 J యే కాబట్టి ఉష్ణోగ్రత రెండు చోట్లా 900 K. అంటే అంతర్గత శక్తిలో మార్పు సున్నా, B→C లో ఇచ్చిన ఉష్ణం ఆ గీత కింది వైశాల్యం, 400 J. మొత్తం 700 J తీసుకుని 200 J పని చేసింది, దక్షత 2/7, అంటే 28.6%.

వెనక పేజీ జవాబు 4/15, అంటే 26.7%. C→A లో 500 J బయటికి పోతుంది, 700 − 500 = 200 కూడా సరిపోతోంది. తప్పెక్కడో తెలియడం లేదు.

హర్ష

ఇంత లెక్క ఎందుకండీ? ఎక్కువ ఉష్ణోగ్రత 900 K, తక్కువ 300 K. దక్షత 1 − 300/900, అంటే 66.7%. రెండు జవాబులూ తప్పే.

నీలాంబరి

హర్ష గారూ, అది కార్నో సైకిల్‌కి కదా? ఇందులో సమోష్ణోగ్రతా ప్రక్రియ ఒక్కటీ లేదు, స్థిరోష్ణక ప్రక్రియా లేదు. (ఆ) లో అడిగింది మీరు చెప్పినది అనుకుంటాను.

రఘు_పీవీ

కార్నో సంగతి అలా ఉంచి B→C గీతను జాగ్రత్తగా చూడండి. రెండు కొసల దగ్గరా 900 K ఉన్నంత మాత్రాన మధ్యలోనూ 900 K ఉండదు. గీత మీద P = 4P0 − (P0/V0)V. PV విలువ V = 2V0 దగ్గర గరిష్ఠం, అక్కడ పీడనం కూడా 2P0, కాబట్టి ఉష్ణోగ్రత 1200 K. అక్కడి దాకా వాయువు వేడెక్కుతుంది, ఆ తర్వాత చల్లబడుతుంది. అంటే 2V0 దాకా ఉష్ణం లోపలికి, అక్కణ్ణించి బయటికి.

ఇప్పుడు లెక్క. B నుంచి 2V0 దాకా అంతర్గత శక్తి 1.5 × (400 − 300) = 150 J పెరుగుతుంది. పని సగటు పీడనం 2.5P0 తో 250 J. ఉష్ణం 400 J. తర్వాతి ముక్కలో అంతర్గత శక్తి 150 J తగ్గుతుంది, పని 150 J, ఉష్ణం సున్నా. అంటే ఇచ్చిన ఉష్ణం 300 + 400 = 700 J, దక్షత మళ్లీ 2/7 యే. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది కాబట్టి వెనక పేజీలోదే అచ్చుతప్పు.

సత్యం సార్

రఘూ, గీతను ముక్కలు చేయాలన్నది సరైన ఆలోచన. ముక్క చేసిన చోటే సరికాదు. వాయువు చల్లబడుతోందంటే ఉష్ణం బయటికి పోతోందని అర్థం కాదు. నువ్వు రాసిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి. 2V0 తర్వాత ఉష్ణం అంతా బయటికే పోతే మొత్తం రుణాత్మకంగా రావాలి. సున్నా వచ్చిందంటే ఆ ముక్కలోనే కొంత లోపలికి వచ్చి, అంతే బయటికి పోయి ఉండాలి.

మొదటి నియమాన్ని గీత మీద ఒక చిన్న అడుగుకి రాసి చూడండి. V/V0 ని v అనుకుందాం, శక్తిని P0V0 లో, అంటే 100 J యూనిట్లలో కొలుద్దాం. అప్పుడు p = 4 − v, అంతర్గత శక్తి 1.5pv.

```
dU = 1.5 d(4v − v²) = (6 − 3v) dv
dW = p dv           = (4 − v) dv
dQ = dU + dW        = (10 − 4v) dv
```

dU గుర్తు మారేది v = 2 దగ్గర. dQ గుర్తు మారేది v = 2.5 దగ్గర. ఈ రెండు బిందువులూ ఒకటి కావు, లెక్క మొత్తం ఈ తేడా మీదే నిలబడి ఉంది.

v = 2 నుంచి 2.5 దాకా ఏం జరుగుతుందో అంకెల్లో చూడండి. ఉష్ణోగ్రత 1200 K నుంచి 1125 K కి దిగుతుంది, అంతర్గత శక్తి 37.5 J తగ్గుతుంది. అదే సమయంలో వాయువు వ్యాకోచిస్తూ 87.5 J పని చేస్తుంది. అంతర్గత శక్తి నుంచి వచ్చిన 37.5 J ఆ పనికి చాలదు, మిగతా 50 J బయటి నుంచే రావాలి. అంటే ఉష్ణం ఇస్తూనే ఉన్నాం, వాయువు చల్లబడుతూనే ఉంది. ఈ ముక్కలో విశిష్టోష్ణం రుణాత్మకం అన్నమాట. పీడనం, ఘనపరిమాణం రెండూ ఒకేసారి మారే దారిలో ఇది మామూలే.

v = 2.5 నుంచి 3 దాకా అంతర్గత శక్తి 112.5 J తగ్గుతుంది, పని 62.5 J మాత్రమే. మిగిలిన 50 J ఉష్ణంగా బయటికి పోతుంది.

కాబట్టి గీత మీద లోపలికి వచ్చింది 450 J, బయటికి పోయింది 50 J. నీలాంబరికి వచ్చిన 400 J ఈ రెండింటి తేడా. దక్షతకి హారంలో ఉండాల్సింది తేడా కాదు, లోపలికి వచ్చిన మొత్తం. 300 + 450 = 750 J. దక్షత 200/750 = 4/15. వెనక పేజీ జవాబు సరైనదే.

బయటికి పోయిన మొత్తం 500 + 50 = 550 J. 750 − 550 = 200 J, శక్తి లెక్క సరిపోయింది. అయితే ఈ సరిచూపు 700 − 500 కి కూడా సరిపోతుంది, ఎందుకంటే రెండు వైపుల నుంచీ అదే 50 J తీసేశాం. దక్షత తప్పును ఈ సరిచూపు పట్టుకోలేదు, దాని మీద ఆధారపడకండి.

రఘు_పీవీ

సార్, రెండు దారుల్లోనూ 2/7 ఎలా వచ్చింది మరి? అందుకే నాకు నమ్మకం కుదిరింది.

సత్యం సార్

ఈ అంకెల యాదృచ్ఛికం అది. v = 2 నుంచి 3 దాకా 50 J లోపలికి, 50 J బయటికి, మొత్తం సున్నా. అందుకే నీ మొదటి ముక్కలో 400 J, గీత మొత్తం మీద కూడా 400 J. వాయువు ఏకపరమాణుకం కాకపోతే ఈ రెండు అంకెలూ విడిపోతాయి.

లక్ష్మీప్రసన్న

నా దగ్గర ఉన్న పేపర్‌లో ఇదే బొమ్మ, వాయువు మాత్రం ద్విపరమాణుకం. అందులోనూ v = 2.5 దగ్గరే విడగొట్టాను, జవాబు కుదరలేదు. 2.5 అన్నది గీత మీద ఆధారపడుతుందా, వాయువు మీదా?

సత్యం సార్

రెండింటి మీదా అమ్మా. గరిష్ఠ ఉష్ణోగ్రత బిందువు గీతను బట్టే ఉంటుంది, కాబట్టి అది మీ లెక్కలోనూ v = 2 దగ్గరే. ఉష్ణం దిశ మారే బిందువు γ మీద కూడా ఆధారపడుతుంది. ద్విపరమాణుక వాయువుకి అంతర్గత శక్తి 2.5pv, అప్పుడు dQ = (14 − 6v) dv, సున్నా అయ్యేది v = 7/3 దగ్గర.

లోపలికి వచ్చేది 533.3 J, బయటికి పోయేది 133.3 J. A→B లో 500 J. మొత్తం 1033.3 J, దక్షత 200/1033.3 = 6/31, సుమారు 19.4%. గీతను విడగొట్టకుండా చేస్తే 2/9, అంటే 22.2%. గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర విడగొడితే సరిగ్గా 20%. రఘు పద్ధతి, నీలాంబరి పద్ధతి ఇక్కడ వేర్వేరు జవాబులు ఇస్తాయి, రెండూ తప్పే.

లక్ష్మీప్రసన్న

6/31 సరిపోయింది సార్. ఇంకొకటి. ప్రతి సరళరేఖకీ ఇలా సమాకలనం చేసి చూడాలా? పరీక్షలో అంత సమయం ఉండదు. మలుపు ఉందో లేదో ముందే తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

సత్యం సార్

ఉంది. గీత వాలును అదే బిందువు గుండా పోయే స్థిరోష్ణక వక్రం వాలుతో పోల్చండి. స్థిరోష్ణక వక్రం వాలు పరిమాణం γP/V. వ్యాకోచంలో గీత ఆ వక్రం కన్నా తక్కువ నిటారుగా దిగుతుంటే ఉష్ణం లోపలికి వస్తోంది. వక్రం కన్నా నిటారుగా దిగుతుంటే బయటికి పోతోంది. స్థిరోష్ణక వక్రం మీద ఉష్ణం సున్నా కాబట్టి అదే హద్దు.

మన లెక్కలో గీత వాలు పరిమాణం అంతటా 1. B దగ్గర స్థిరోష్ణక వక్రానిది (5/3) × 3/1 = 5. గీత తక్కువ నిటారు, ఉష్ణం లోపలికి. C దగ్గర (5/3) × 1/3 = 0.56. గీత ఎక్కువ నిటారు, ఉష్ణం బయటికి. రెండు కొసల దగ్గర దిశ వేరు కాబట్టి మధ్యలో ఎక్కడో మలుపు ఉండి తీరాలి. రెండు భాగహారాలతో తేలిపోయింది. మలుపు దగ్గర గీత స్థిరోష్ణక వక్రానికి స్పర్శరేఖ. v = 2.5, p = 1.5 పెట్టి చూడండి, (5/3) × 1.5/2.5 సరిగ్గా 1 వస్తుంది.

అదే గీత v = 2 దగ్గర ఆగిపోయి ఉంటే ఆ కొస దగ్గర వక్రం వాలు 5/3, గీతది 1. మలుపు లేదు, విడగొట్టే పనీ లేదు. ఇక పీడనం, ఘనపరిమాణం రెండూ కలిసి పెరిగే గీత అయితే చూడనే అక్కర్లేదు, అంతర్గత శక్తీ పెరుగుతుంది, పనీ ధనాత్మకమే, ఉష్ణం అంతా లోపలికే.

హర్ష

నేను ప్రశ్నను సరిగా చదవలేదు, (అ) నీ (ఆ) నీ కలిపేశాను. అయితే (ఆ) కైనా 66.7% సరైనదేనా?

రఘు_పీవీ

కాదు హర్షా. హద్దు అంటే మూలల్లో ఉన్న ఉష్ణోగ్రత కాదు, సైకిల్ మొత్తంలో వచ్చే గరిష్ఠం. అది గీత మధ్యలో, 1200 K. కాబట్టి 1 − 300/1200 = 75%. ఈ పాయింట్ మాత్రం నేను ముందే సరిగా పట్టాను.

సత్యం సార్

అవును, 75%. "పోల్చండి" అన్నారు కాబట్టి 26.7% తక్కువ అని ఒక ముక్క రాసి వదిలేస్తే జవాబు సగమే. ఎందుకు తక్కువో రెండో నియమంతో చూపించవచ్చు, పెద్ద లెక్కేమీ కాదు.

ఉష్ణమంతా 1200 K దగ్గరున్న ఒకే ఉష్ణాశయం ఇస్తోందని, వదిలేసిన ఉష్ణమంతా 300 K దగ్గరున్న ఒకే ఆశయం తీసుకుంటోందని అనుకుందాం. ఒక సైకిల్‌లో వాయువు మొదటి స్థితికి వచ్చేస్తుంది కాబట్టి దాని ఎంట్రోపీ మార్పు సున్నా. వేడి ఆశయం 750/1200 = 0.625 J/K కోల్పోతుంది. చల్లని ఆశయం 550/300 = 1.833 J/K పొందుతుంది. నికరంగా 1.208 J/K పెరిగింది, కాబట్టి రెండో నియమానికి అభ్యంతరం లేదు.

ఈ పెరుగుదలను 300 K తో గుణిస్తే 362.5 J. కార్నో యంత్రం అదే 750 J తీసుకుంటే చేసే పని 0.75 × 750 = 562.5 J. మన యంత్రం చేసింది 200 J. తేడా 362.5 J. రెండు దారులూ ఒకే అంకెకి వచ్చాయి, ఈసారి మాత్రం యాదృచ్ఛికం కాదు. పోగొట్టుకున్న పని ఎప్పుడూ చల్లని ఆశయం ఉష్ణోగ్రతను మొత్తం ఎంట్రోపీ పెరుగుదలతో గుణించినంతే ఉంటుంది. పైగా 700, 500 తో చేస్తే నష్టం 325 J అని వస్తుంది, అంటే (అ) లో తప్పు ఇక్కడికీ పాకుతుంది.

నష్టం ఎక్కడ జరిగిందో గ్రాఫ్‌లోనే కనిపిస్తుంది. A→B మొదట్లో వాయువు 300 K దగ్గర ఉంది, దానికి 1200 K ఆశయం నుంచి ఉష్ణం ఇస్తున్నాం. C→A మొదట్లో వాయువు 900 K దగ్గర ఉంది, అది 300 K ఆశయంలోకి ఉష్ణం వదులుతోంది. ఇంత ఉష్ణోగ్రతా భేదంతో ఉష్ణం దాటిన చోటల్లా ఎంట్రోపీ పుడుతుంది.

నీలాంబరి

ఇప్పుడు (అ), (ఆ) తేలిపోయాయి సార్. (ఇ) కి వెనక పేజీలో 2.75 ఉంది. 550/200 అని అర్థమైంది, బాణాలు తిప్పితే లోపలికి పోయేది 550 J, బయటికి వచ్చేది 750 J, పెట్టిన పని 200 J. ఇందులో ఇంకేమైనా మెలిక ఉందా?

లక్ష్మీప్రసన్న

ఉన్నట్టే ఉంది. 300 K, 1200 K మధ్య కార్నో రిఫ్రిజిరేటర్‌కి కూడా గుణకం 300/(1200 − 300) = 0.33 మాత్రమే. 2.75 దానికి ఎనిమిది రెట్లకి పైనే! అదే నిజమైతే రెండో నియమం తప్పాలి.

సత్యం సార్

సరైన చోట పట్టుకున్నావమ్మా. 2.75 అనే నిష్పత్తిలో కూడికల తప్పు లేదు. దాన్ని రిఫ్రిజిరేటర్ గుణకం అనడంలోనే చిక్కు.

వెనక్కి తిప్పిన సైకిల్‌ను అడుగడుగునా చూద్దాం. A→C లో వాయువు పీడనం మారకుండా వ్యాకోచిస్తూ 300 K నుంచి 900 K కి వేడెక్కుతుంది, 500 J తీసుకుంటుంది. C నుంచి v = 2.5 దాకా 1125 K కి చేరుతూ ఇంకో 50 J తీసుకుంటుంది. 1125 K దగ్గరున్న వాయువుకి ఉష్ణం ఇవ్వాలంటే ఇచ్చే వస్తువు కనీసం అంత వేడిగా ఉండాలి. అంటే "చల్లని" గది 1125 K కి పైన ఉండాలి! ఇక v = 2.5 నుంచి B దాకా 450 J, B→A లో 300 J వదులుతుంది, చివరికి వాయువు 300 K కి దిగుతుంది. వాటిని ఒకే ఆశయం తీసుకోవాలంటే అది 300 K కి మించి ఉండకూడదు.

మొత్తం చూస్తే 1125 K కి పైనున్న వస్తువు నుంచి 550 J తీసి, 300 K వస్తువుకి 750 J ఇచ్చాం, మధ్యలో మన చేతి 200 J పని కూడా ఖర్చు పెట్టాం. వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకి ఉష్ణం దానంతట అదే పోతుంది, దానికి పని పెట్టడం దండగ. ఇది రిఫ్రిజిరేటర్ కాదు.

ముందుకు నడిచినప్పుడు పెద్ద ఉష్ణోగ్రతా భేదంతో ఉష్ణం దాటిందని చెప్పుకున్నాం కదా, ఆ దాటడాన్ని వెనక్కి తిప్పలేం. బాణాలు తిప్పితే వాయువు దారి తిరుగుతుంది కానీ ఆశయాలకీ వాయువుకీ మధ్య ఉష్ణప్రవాహం తిరగదు.

రఘు_పీవీ

ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా ఒక ఆశయం పెడితే? వాయువు ఏ ఉష్ణోగ్రతలో ఉంటే ఆ ఆశయంతోనే కలుపుతాం. అప్పుడు ప్రక్రియ మొత్తం ఉత్క్రమణీయమే, 2.75 చెల్లుతుంది.

సత్యం సార్

అప్పుడు సైకిల్ తిరగబడుతుంది, 550/200 అనే నిష్పత్తీ నిజమే. ఎంట్రోపీ కూడా ఎక్కడా పెరగదు. కానీ 300 K నుంచి 1125 K దాకా వరుసగా ఉన్న ఆశయాల నుంచి ఉష్ణం తీసుకుని, మళ్లీ 1200 K నుంచి 300 K దాకా ఉన్న వాటికి ఇస్తున్నాం. వీటిలో చల్లబరచాల్సిన గది ఏది? చాలా ఆశయాలు ఒక దశలో ఇస్తాయి, ఇంకో దశలో తీసుకుంటాయి. కార్నో గుణకంతో పోల్చాలంటే రెండే ఆశయాలు ఉండాలి, ఇక్కడ అవి లేవు.

ముందుకు నడిపినప్పుడూ అంతే. ఆశయాల వరుస పెడితే ప్రక్రియ ఉత్క్రమణీయం అవుతుంది, అయినా దక్షత 26.7% దాటదు. ఉత్క్రమణీయ యంత్రాలన్నిటికీ ఒకే దక్షత అన్న సిద్ధాంతం రెండు స్థిర ఉష్ణోగ్రతల మధ్య పనిచేసే వాటికే.

నీలాంబరి

పేపర్‌లో ఏం రాయాలి సార్?

సత్యం సార్

నేనైతే 550/200 = 2.75 అని వేసి, దాని కిందే "ఈ నిష్పత్తి రెండు ఆశయాల మధ్య నడిచే రిఫ్రిజిరేటర్‌కి వర్తించదు, ఉష్ణం తీసుకునే దశలో వాయువు 1125 K కి చేరుతుంది" అని ఒక వాక్యం రాస్తాను. మార్కులు 2.75 కే ఉంటే పోవు, దిద్దేవారు లోతుగా చూస్తే ఆ వాక్యం కూడా కనిపిస్తుంది.

రఘు_పీవీ

నేను ఒప్పుకోను సార్. ప్రశ్నలో "రిఫ్రిజిరేటర్‌గా వాడితే" అని స్పష్టంగా ఉంది. వాడలేం అన్నదే జవాబు, 2.75 ముందు వేస్తే తప్పును ఒప్పుకున్నట్టే. 0.33 కన్నా ఎక్కువ రావడాన్ని చూపించి, అసాధ్యం అని రాయాలి.

లక్ష్మీప్రసన్న

రఘు గారి మాటలో న్యాయం ఉంది కానీ 0.33 తో పోల్చడం కూడా సరి కాదనిపిస్తోంది. 2.75 కి ఆశయాలు 300, 1200 అని ఎవరూ చెప్పలేదు, అవి ఇంజన్‌గా నడిచినప్పటి హద్దులు. అసాధ్యం అనడానికి 1125 K వాదనే గట్టిది. నా ద్విపరమాణుక లెక్కలో మలుపు v = 7/3 దగ్గర, అక్కడ pv = 35/9, ఉష్ణోగ్రత సుమారు 1167 K వస్తోంది. అక్కడ నిష్పత్తి 833.3/200, అంటే 4.17. అదీ అంతే అర్థం లేనిది, మా పేపర్‌లో దాన్నే సరైన ఆప్షన్‌గా ఇచ్చారు.